కుడివైపు పేజీలు

ఆమె అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వినబడదు. పంతొమ్మిదేళ్ల వయసులో సీసం అక్షరాలు పేర్చే ప్రెస్సులో చేరిన నాటి నుంచి అందరికీ ఆమె అచ్చమ్మే. ప్రెస్సు మూతపడింది, యజమాని పోయాడు, సీసం తూకానికి వెళ్లిపోయింది. పేరు మాత్రం ఆమెను వదల్లేదు. ఇప్పుడు యాభై రెండేళ్లు. ఒక పాత భవనంలో మెట్ల కింద నాలుగడుగుల కొట్టు, అందులో ఒక కంప్యూటర్, నడుమెత్తు లేజర్ ప్రింటర్, కాగితాలు కత్తిరించే యంత్రం, ఒక స్టూలు. పైన ఎవరు మెట్లు దిగినా ఆ చప్పుడు ఆమె నెత్తి మీద పడుతుంది. చెప్పుల చప్పుణ్ని బట్టి ఎవరో చెప్పేస్తుంది కూడా.

అచ్చమ్మకి ఒక నియమం ఉంది. చేతిలోంచి వెళ్లే కాగితాన్ని చూస్తుంది గానీ చదవదు. సిరా సమంగా పడిందా, అంచు వంకరపోయిందా, అంతే. విడాకుల కాగితాలు, జబ్బు రిపోర్టులు, రాజీనామాలు ఎన్నో ఆ కొట్టులోంచి పోయాయి. ఒక్కటీ ఆమె నోట్లోంచి బయటకి రాలేదు. ఊళ్లో ఆమెకున్న గౌరవమంతా ఆ చదవకపోవడం వల్లే వచ్చింది.

ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం ఆ కొట్టు ముందు ఒకామె వచ్చి నిలబడింది. ఉద్యోగం చేసినంతకాలం నర్సు, రిటైరై మూడేళ్లు. చేతిసంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసి, అదేదో పగిలిపోయే వస్తువన్నట్టు బల్ల మీద పెట్టింది.

"నలభై ఎనిమిది పేజీల పుస్తకమండీ. ముప్పై కాపీలు కావాలి. ముందు ఒకటి తీసి చూపించండి."

"ఏం పుస్తకమమ్మా?"

"ఉత్తరాలు. నేనూ మా అక్కా రాసుకున్నవి. ఎడమవైపు పేజీలో నావి, కుడివైపు అక్క జవాబులు." కాస్త ఆగింది. "అక్క పోయి ఎల్లుండికి నెల."

అచ్చమ్మ ఫైలు తెరిచింది. తెర మీద పేజీలు చక్కగానే ఉన్నాయి. ఎడమవైపు మామూలు పుస్తకాల్లో ఉండే అక్షరం. కుడివైపు మాత్రం వేరే రకం. కొమ్ములు పొడుగ్గా, ఒత్తులు కిందికి జారినట్టు, అచ్చం చేతిరాతలా ఉంది.

"అది అక్క దస్తూరీయే," అంది నర్సు. "అక్షరాలు గీసే ఆయనొకాయన ఉన్నాడు. అక్క పాత ఉత్తరాలు ఇస్తే ఒక్కొక్క అక్షరం చూసి ఫాంటు చేసిపెట్టాడు."

అచ్చమ్మ మీట నొక్కింది. ప్రింటర్ ఒకసారి మూలిగి కాగితాలు కక్కడం మొదలెట్టింది. పదో కాగితం దాకా ఆమె పట్టించుకోలేదు. తర్వాత సిరా ఎలా పడిందో చూద్దామని ఒక దొంతర చేతిలోకి తీసుకుంది. ఎడమవైపు పేజీ నిండా అక్షరాలు. కుడివైపు తెల్లగా ఉంది. కింద మూల మీద పేజీ అంకె ఒక్కటే ఉంది.

తిప్పింది. మళ్లీ అంతే. ఎడమ నల్లన, కుడి తెల్లన. ప్రతి కుడి పేజీ అంతే, కింద అంకె ఒంటరిగా నిలబడి.

నర్సు చెయ్యి చాచి ఆ దొంతర అందుకుంది. పైన ఉన్న ఎడమ పేజీలో చివరి వాక్యం పైకే చదివింది. "అక్కా, నా మీద ఇంకా కోపం పోలేదా? ఒక్క మాటైనా రాయవా?" చదివి, పక్కనున్న తెల్ల పేజీ కేసి అలాగే చూస్తూ ఉండిపోయింది.

మెట్ల మీద ఎవరి అడుగులూ లేవు. 

"తనంతే," అంది నర్సు, గొంతు బాగా తగ్గించి. "కోపమొస్తే అరవదు. నెలలకి నెలలు మాట మానేస్తుంది. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని కూడా నలభై రోజులు నాతో మాట్లాడలేదు. ఉత్తరాలు పుస్తకం చేస్తానంటే వద్దంది. నేనే మొండిగా చేయించి, ఫైలు పంపాను. 'చూశాను' అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపింది. ఆ రాత్రే పోయింది."

అచ్చమ్మకి కాస్త భయమేసింది. అయినా ముప్పై మూడేళ్లుగా అచ్చుతో కాపురం చేస్తున్న మనిషి. భయమేస్తే చేతికి పని చెప్పుకోవడమే ఆమెకి తెలిసిన మందు.

"సిరా అయిపోయి ఉంటుందా?" అడిగింది నర్సు ఆశగా.

"అయిపోతే మీ పేజీలూ తెల్లగానే వస్తాయమ్మా. యంత్రం బాగానే ఉంది."

ఫైలు ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ అన్న చోట చూసింది. రెండు ఫాంట్లున్నాయి. రెండిటి పక్కనా 'ఎంబెడెడ్' అనే ఉంది.

"అంటే?"

"అక్షరాలు ఫైలులోనే ఉన్నాయని. అలా లేకపోతే తెర మీద కూడా వేరే అక్షరాలో, గళ్లో కనబడేవి. అప్పుడు ఇక్కడ ఏం తిప్పినా లాభం లేదు. ఫైలు తయారుచేసినాయన దగ్గరకే వెళ్లి, ఫాంటు లోపల పెట్టి మళ్లీ చేయించుకురావాలి. ఇది అది కాదు. తెరకి మీ అక్క అక్షరం అర్థమవుతోంది, ప్రింటర్‌కి అర్థం కావట్లేదు. ఇంట్లో చేసిన ఫాంటు కదా, గీతల్లో ఎక్కడో ఏదో తేడా. ఈ యంత్రం దాన్ని చదవలేక వదిలేస్తోంది."

"వదిలేస్తోందా, అక్కే రానివ్వట్లేదా?"

అచ్చమ్మ తెర వైపు తిరిగింది. ప్రింట్ పెట్టె తెరిచి, అడ్వాన్స్‌డ్ నొక్కి, అక్కడ 'ప్రింట్ యాజ్ ఇమేజ్' పక్కన టిక్కు పెట్టింది. దాని కింద నాణ్యత అంగుళానికి ఆరువందల చుక్కలకి పెంచింది.

"ఇప్పుడు అక్షరాలు పంపం. కంప్యూటరే పేజీ మొత్తాన్ని ఫొటోలా చేసి పంపుతుంది. ఫొటోకి చదవడంతో పని లేదు, ప్రింటర్ ఉన్నదున్నట్టు దింపేస్తుంది. కాస్త నిదానంగా వస్తుంది, అంతే."

నిజంగానే నిదానించింది. ఒక్కో కాగితానికి ముందు ప్రింటర్ చాలాసేపు మౌనంగా ఉంటోంది. నర్సు రెండు చేతులూ బల్ల అంచు మీద బిగించింది. మొదటి కాగితం, రెండోది. రెండోదాని కుడి పేజీలో పొడుగు కొమ్ములు, జారిన ఒత్తులు, పేజీ నిండా అక్క రాత.

నర్సు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అచ్చమ్మ ఆ కాగితాన్ని ఆమె ముందుకు జరిపింది. 

నలభై ఏడు పేజీలూ సవ్యంగా వచ్చాయి. నలభై ఎనిమిదోది తెల్లగా వచ్చింది.

అచ్చమ్మ తెర వైపు చూసింది. తెర మీద ఆ పేజీలో నాలుగు వరసలున్నాయి. పేజీ మధ్యలో కాదు, పైన మూల మీద, ఒదిగి కూర్చున్నట్టు.

"ఇదొక్కటి రాలేదేంటి?" అంది తనలో తను.

"అది ఖాళీ పేజీయే," అంది నర్సు. "చివరిది ఏమీ లేకుండా వదిలేయమన్నాను."

"ఖాళీ కాదమ్మా. ఏదో రాసుంది."

"లేదండీ. ఫోన్‌లో పదిసార్లు చూశాను. అక్కడేమీ లేదు."

అచ్చమ్మ తెరకి దగ్గరగా వంగింది. మౌసు జరిపి ఆ వరసల మీద నొక్కింది. వాటి చుట్టూ సన్నటి గీతల పెట్టె మెరిసింది. అప్పుడు అర్థమైంది.

"ఇది పేజీలో భాగం కాదు. తర్వాత ఎవరో పైన అతికించిన కామెంటు. కొన్ని ఫోన్లలో ఇవి కనబడవు. ఇక్కడ ప్రింట్‌లో రాకపోవడానికి కారణం నేనే. జనం ఫైళ్ల మీద ఏవేవో గీతలు పెట్టుకొస్తారని, 'కామెంట్స్ అండ్ ఫారమ్స్' దగ్గర ఎప్పుడూ 'డాక్యుమెంట్' అనే పెట్టుకుంటాను. అలా ఉంటే పేజీ మాత్రమే దిగుతుంది, అతికించినవి రావు."

"ఎవరు అతికించారు?"

అచ్చమ్మ కామెంట్ల జాబితాలో ఉన్న పేరు చూపించింది. ఆ పేరు చూడగానే నర్సు స్టూలు మీద కూలబడింది. "మీరే చదవండి," అంది. "నా వల్ల కాదు."

ముప్పై మూడేళ్ల నియమాన్ని ఆ రోజు అచ్చమ్మ పక్కన పెట్టింది. గొంతు సవరించుకుని చదివింది.

"'చెల్లీ, చూశాను. నా రాత ఇంత అందంగా ఉండదు, వాడెవడో బాగా మొహమాటపడ్డాడు. పదమూడో పేజీ తీసెయ్. అది నీకొక్కదానికే రాసింది. మిగతావి ఉండనీ, నీ మొండితనంతో ఎవరు వేగుతారు.'"

నర్సు ముందు నవ్వింది. ఆ నవ్వే కాసేపటికి ఏడుపైంది. అచ్చమ్మ మంచినీళ్ల సీసా ఆమె వైపు జరిపి, మొహం తిప్పుకుని కాగితాలు సర్దుతున్నట్టు నటించింది.

"ఎప్పుడు రాసిందో తెలుస్తుందాండీ?" అడిగింది నర్సు కళ్లు తుడుచుకుంటూ.

అచ్చమ్మ ఆ పెట్టె మీద మౌసు కుడి మీట నొక్కి వివరాలు చూసింది. తారీఖు ఉంది. ఒకసారి చూసి, మళ్లీ చూసింది.

"మీకు ఫైలు తిరిగొచ్చిందెప్పుడమ్మా?"

"తొమ్మిదో తారీఖు సాయంత్రం. ఆ రాత్రే కదా తను..."

తెర మీద పదకొండు అని ఉంది. దాచడానికి అచ్చమ్మకి మనసొప్పలేదు. తెర ఆమె వైపు తిప్పింది.

"ఇది మీ అక్క రాసిన కంప్యూటర్‌లో గడియారం చెప్పిన తారీఖు. గడియారం తప్పైతే ఇదీ తప్పే. చాలావాటిలో తప్పే ఉంటుంది. తొమ్మిదినే మీకు ఫైలు వచ్చిందంటే రాసింది అంతకు ముందే అయుండాలి. వేరేలా కుదరదు."

నర్సు ఆ అంకె మీద వేలు పెట్టింది. "అక్క గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందే పెట్టేది, బస్సు తప్పుతుందని," అంది.

"అదే అయుంటుంది."

"పది నిమిషాలండీ. రెండు రోజులు కాదు."

ఇద్దరూ ఆ మాట అక్కడితో వదిలేశారు.

పదమూడో పేజీని అచ్చమ్మ బోర్లా పట్టుకుని, చూడకుండానే మడిచి నర్సు చేతిలో పెట్టింది. ఫైలులో దాని స్థానంలో ఒక తెల్ల పేజీ చేర్చింది. ముప్పై కాపీలు దిగడానికి సాయంత్రమైంది. నర్సు కదలకుండా స్టూలు మీదే కూర్చుంది, ఒక్కో దొంతర వచ్చినప్పుడల్లా కుడివైపు పేజీ మీద వేలితో తడిమి చూస్తూ. ఆఖరున, నర్సు అడక్కుండానే అచ్చమ్మ, అతికించినవీ దిగేలా 'డాక్యుమెంట్ అండ్ మార్కప్స్' పెట్టి, నలభై ఎనిమిదో పేజీ ఒక్కటి విడిగా తీసి ఇచ్చింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

నర్సు వెళ్లాక అచ్చమ్మ ఫైలు తన కంప్యూటర్‌లోంచి తుడిచేసింది. ఎవరి ఫైలైనా అంతే, పని కాగానే తుడిచేస్తుంది. తర్వాత గొళ్లెం పెట్టడానికి లేచి, ఏమనుకుందో ఏమో మళ్లీ కూర్చుంది. ప్రెస్సులో ఆమెకి పని నేర్పిన పెద్దమ్మ ఒకామె ఉంది. ఏదో మాట పట్టింపు వచ్చి ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అచ్చమ్మ ఫోన్ తీసి ఆ నంబరు వెతికింది.

అవతల చాలాసేపు మోగింది. ఎత్తాక ఎవరూ పలకలేదు, ఊపిరి మాత్రం వినబడుతోంది.

"పెద్దమ్మా, నేను అచ్చమ్మని," అంది. "మాట్లాడకపోయినా సరే, పెట్టేయకు."

పెట్టేయలేదు.