తెల్ల పళ్లెంలో తెల్లన్నం

మా అత్తయ్య, అంటే మా ఆయన తల్లి, పెళ్లికి ముందు గోదావరి వైపు తన ఊళ్లో అల్లిన తెల్ల లేసు గుడ్డ ఒకటి మా ఇంట్లో ఉంది. ఏటా క్రిస్మస్ భోజనానికి బల్ల మీద అది పరవాల్సిందే. ఆ యేడు మాత్రం ఆ గుడ్డను బీరువాలోంచి తీస్తూ, అత్తయ్య దాని ముందు కూర్చుని నాలుగు ముద్దలు తింటుందా అనుకున్నాను.

వానాకాలం నుంచి అత్తయ్య సరిగ్గా తినడం లేదు. మతిమరుపు అంతకు ముందే మొదలైంది. పేర్లు పోయాయి, దారులు పోయాయి. మేం సర్దుకున్నాం. ఇప్పుడు కంచం ముందు కూర్చుని అలా చూస్తూ ఉండిపోతోంది. నోట్లో పెడితే ఒకటి రెండు ముద్దలు తీసుకుని మూతి బిగిస్తుంది. మెడ దగ్గర ఎముకలు బయటపడ్డాయి. తార్నాకలోని డాక్టరు ఆమె బరువు చూసి, "పండగ అయ్యాక మళ్లీ తీసుకురండి. ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాల్సి ఉంటుంది," అన్నాడు. అత్తయ్య జాకెట్టు హుక్కు కూడా ఉండనివ్వదు, లాగేస్తుంది. గొట్టం వేస్తే చేతులు మంచానికి కట్టేస్తారు. ఆ మాట ఆయన అనలేదు. నేను అంతకు ముందే చదివి ఉన్నాను.

నాది ఇంటర్‌తో ఆగిన చదువు. మా ఆయన విశ్వవిద్యాలయంలో గుమస్తా. క్వార్టర్సు నుంచి లైబ్రరీకి నడిచి వెళ్లొచ్చు. ఆయన కార్డు మీద పుస్తకాలు తెచ్చుకుని చదవడం నాకు అలవాటు, గర్వం కూడా. భయమేస్తే చాలామంది ప్రార్థన చేస్తారు. నేను ప్రార్థన చేసి, ఆ తర్వాత లైబ్రరీకి వెళ్తాను. ఈసారి వడ్డన గురించీ రంగుల గురించీ దొరికినవన్నీ చదివాను. తెల్ల పళ్లెంలో ఏ వంటకమైనా శుభ్రంగా కనిపిస్తుందని, ఎరుపు ఆకలి పుట్టిస్తుందని, నీలం ఆకలిని చంపుతుందని రాసి ఉంది. పండగ బల్ల కళకళలాడితే అత్తయ్యకు తినాలనిపిస్తుందని ఆశపడ్డాను. లేసు గుడ్డ, తెల్ల పింగాణీ పళ్లేలు, ఎర్రటి గుడ్డ న్యాప్కిన్లు అని నిర్ణయించాను.

పండగకు ముందటి ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, ఒకసారి బల్ల సర్ది చూద్దామనుకున్నాను. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి మా ఆడపడుచు వచ్చింది. బల్ల చూసి, "హోటల్ లెక్క చేసినవ్ వదినా. మా అత్తగారు చూస్తే నన్ను నీ దగ్గర ట్రైనింగుకు పంపుతది," అంది.

అత్తయ్య గట్టివి నమలలేదని కొబ్బరన్నం, కొబ్బరిపాలల్లో మెత్తగా ఉడికించిన కోడి ముక్కలు వడ్డించాను. ఆమె పళ్లెం వైపు చూసింది. వేళ్లు గుడ్డ మీదికి వెళ్లి లేసు కంతల్లో ఏదో ఏరుతున్నాయి. కొంతసేపటికి పక్కనున్న ఎర్ర న్యాప్కిన్ అందుకుంది. మూతి తుడుచుకుంటుందనుకున్నాం. కొస మడిచి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

నేను లాగబోయాను. ఆమె పళ్లతో గట్టిగా పట్టుకుంది. గొంతుకు అడ్డం పడుతుందేమోనని నా ప్రాణం పోయింది. ఆడపడుచు తల్లి బుగ్గలు నిమురుతూ, "అమ్మా, ఒదులమ్మా, అది తినేది కాదమ్మా," అని ఏడుపు గొంతుతో బతిమాలింది. చివరికి వదిలింది. తడిసిన గుడ్డ నా చేతిలో ఉంది. మతి పూర్తిగా పోయినట్టే, ఇక గొట్టమే గతి అనుకుని కుర్చీలో కూలబడ్డాను.

కూర్చుని, కన్నీళ్లతో కళ్లు సగం మూసుకుపోయి, బల్ల వైపు చూశాను. అన్నం కనిపించలేదు. గుడ్డ, పళ్లెం, అన్నం, కూర కలిసి ఒకే తెల్లటి మరక. ఎర్ర న్యాప్కిన్లు మాత్రం కూర ముక్కల్లా తేలుతున్నాయి. చిత్రకారులు వెలుగునీడల తేడా చూసుకోవడానికి కళ్లు సగం మూసి చూస్తారని ఎక్కడో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. అత్తయ్యకు శుక్లాల ఆపరేషన్ అయిపోయింది గనుక ఆమె చూపు గురించి మేమెవరమూ ఆలోచించలేదు. రోజూ పెట్టే స్టీలు కంచమూ అంతే. ట్యూబులైటు మెరుపులో అన్నం కలిసిపోతుంది.

వంటింట్లోకి పరిగెత్తాను. బియ్యం డబ్బాకు ముదురు నీలం ప్లాస్టిక్ మూత ఉంది. కడిగి, తుడిచి, అదే అన్నం, అదే కూర అందులో వేసి ముందు పెట్టాను. అత్తయ్య వంగి చూసింది. చెయ్యి నేరుగా అన్నం మీదికి వెళ్లింది. నాలుగైదు ముద్దలు తిని ఆగిపోయింది.

"ఆకలి చంపే రంగు అన్నవ్ గదా?" అంది ఆడపడుచు మెల్లగా.

నాకు నిజమేనా, ఆ ఒక్క పూటకు అలా జరిగిందా అన్న భయం పట్టుకుంది.

మర్నాడు చిన్న డబ్బాలో పెరుగన్నం, మరో డబ్బాలో టమాటా పప్పు పట్టుకుని తార్నాకలో పింగాణీ దుకాణానికి వెళ్లాను. పెట్టి చూడొచ్చా అని అడిగి, ఒక్కో పళ్లెంలో ఒక చెంచా పెట్టి, కళ్లు సగం మూసి చూశాను. దుకాణం ఆయన "ఏందమ్మా, ప్లేటు కొననీకి వచ్చిన్రా, తిననీకి వచ్చిన్రా?" అన్నాడు.

"మా అత్తగారికి కనిపించాలండీ."

"గట్లయితే గా పూలవి పక్కకు పెట్టున్రి. పూలు ఏరుకుంటది ముసలామె." నవ్వుతూనే అన్నా, బట్టతో తుడిచి ఇంకో పళ్లెం అందించాడు.

ఎర్ర పళ్లెంలో పెరుగన్నం బాగా కనిపించింది కానీ టమాటా పప్పు మాయమైంది. ముదురు నీలంలో రెండూ కనిపించాయి. పండక్కి వండే వేటమాంసం కూర మాత్రం అందులోనూ నల్లగా కలిసిపోతుందని తెలుసు. అందుకని అత్తయ్యకు కొబ్బరిపాల కోడి కూరే వండాలనుకున్నాను. ఆమెకు ఒక్కదానికే వేరే పళ్లెం పెట్టడం ఇష్టంలేక, అందరికీ అదే నీలం తీసుకున్నాను.

గుడ్డ దగ్గర గొడవ వచ్చింది. "అమ్మ లేసు లేకుండ క్రిస్మస్ ఏంది వదినా? అది ఆమె చేతి పని. ఇంకెన్నిసార్లు పరుస్తమో," అంది ఆడపడుచు. చివరికి లేసును బల్ల పొడుగునా పరిచి, అత్తయ్య కూర్చునే వైపు మడిచేశాం. అక్కడ మీగడ రంగు సాదా గుడ్డ వేశాం. న్యాప్కిన్లూ అదే మీగడ రంగువి, ఎవరిది వాళ్ల ఒడిలోనే. కిటికీలో వెలుగుతూ ఆరుతూ ఉన్న ఎర్ర నక్షత్రాన్ని, ఆమె చూపు అటు పోకుండా, మా ఆయన ఆర్పేశాడు.

పండగ రోజు సాయంత్రం అందరం కూర్చున్నాం. మా ఆయన ప్రార్థన చేశాడు. వడ్డించాను. అత్తయ్య ముందు మీగడ రంగు గుడ్డ మీద నీలం పళ్లెం, దానిలో తెల్లన్నం, పచ్చటి పప్పు, లేత పసుపు కూర. పండగ రంగులా లేదు. ఎవరూ చెయ్యి కదపలేదు. అందరి చూపూ ఆ ఒక్క చేతి మీదే. అది ఒడిలోంచి లేచింది. గాలిలో ఆగింది. వేళ్లు పళ్లెం అంచు తడిమి లోపలికి జరిగాయి. పప్పూ అన్నం కలిపింది, తనకు అలవాటైన పద్ధతిలో, నెమ్మదిగా. ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద. మేమింకా శిలల్లా కూర్చునే ఉన్నాం.

అత్తయ్య తలెత్తి చుట్టూ చూసింది. "ఏవిటలా చూస్తారు? మీకు ఆకలెయ్యట్లేదా?" అంది, ఎప్పటి గొంతుతోనో.

ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మిగతా అందరం గబగబా కలుపుకున్నాం.

పండగ అయ్యాక డాక్టరు మళ్లీ తూచాడు. బరువు తగ్గలేదు. నేను నీలం పళ్లెం సంగతి చెబితే, ఈ జబ్బులో రంగుల తేడా తెలియడం తగ్గుతుందని, అదే కొనసాగించమని, గొట్టం ఇప్పట్లో అక్కర్లేదని అన్నాడు. "ఇప్పట్లో" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

ఇప్పటికీ అత్తయ్యకు వడ్డించాక, పళ్లెం ఆమె ముందుకు జరపకుండా ఒక్క క్షణం కళ్లు సగం మూసి చూస్తాను. అన్నం కనిపిస్తుంది. తర్వాత కళ్లు తెరిచి, ఆమె చెయ్యి లేచేదాకా పక్కనే నిలబడతాను.