దారం తెంచకుండా చెప్పిన తీర్పు

ముత్యాల దుకాణం అరుగు మీద కూర్చుని హారాలు గుచ్చే ఆ పెద్దాయన్ని అందరూ ముడిమామ అనేవారు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ఆయన వేసే ముడి అంత పొందిగ్గా ఉండేది. మేనమామ దగ్గర పని నేర్చుకున్నాడు, అక్కడే తల నెరిసింది. పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే సూది ముట్టడు. ముసలివాళ్ల మెడకి కొక్కెం గుచ్చుకోకుండా పట్టుదారంతో చుట్టి ఇస్తాడు. దానికి వేరే కూలి అడగడు.

ఒకరోజు ఒక అత్తగారు ఇద్దరు కోడళ్లతో వచ్చి పాత హారం ఆయన చేతిలో పెట్టింది. అది ఆవిడ అమ్మమ్మ నాటిది. ఇన్నాళ్లూ చిన్నకోడలి బీరువాలో ఉంది. దారం నలిగింది, మళ్లీ గుచ్చాలి.

ముడిమామ ఒక ముత్యాన్ని పంటికి రాశాడు. అసలు ముత్యం లక్షణంగా సన్నని ఇసుకలా గరగరలాడింది. కొక్కెం దగ్గర రెండు మాత్రం నున్నగా జారాయి. బెజ్జం అంచున పైపూత పెచ్చులూడి లోపల గాజు కనిపిస్తోంది. దాంతో ఆయనకి అనుమానం పుట్టింది. మిగతా వాటి బెజ్జాలు చూశాడు. పాతకాలపు ముత్యాలకి సన్నగా ఉండాల్సినవి వెడల్పుగా ఉన్నాయి. నిజానికి వాటి మెరుపు పైపైది కాదు, లోపల దీపం పెట్టినట్టుంది. అది ఆయన కంటికి ఆనకపోలేదు. కానీ అనుమానం ముందు కూర్చుంది.

"ఈ రెండూ గాజువమ్మా. మిగతావి ముత్యాలే గానీ, మీ అమ్మమ్మగారి కాలం నాటి అసలువి కావు. ఆల్చిప్పలో గుండు పెట్టి పెంచిన కల్చర్ ముత్యాలు, మిషన్ బెజ్జాలు."

అత్తగారు చిన్నకోడలి వైపు చూసింది. పెద్దకోడలు నవ్వింది.

"మా చెల్లెమ్మ బీరువాలో ముత్యాలకి కూడా వయసు తగ్గిపోయిందత్తయ్యా."

చిన్నకోడలు చెవుల దాకా ఎర్రబడి, అత్తగారి చేతిసంచీ తన చేతిలోకి తీసుకుని మెట్లు దిగింది.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి ముడిమామ దారం తెంచాడు. ముత్యాలు గుడ్డ మీదికి దొర్లాయి. ఒకదాన్ని వెలుతురుకి పట్టి భూతద్దంలోంచి బెజ్జంలోకి చూశాడు. వెడల్పు మూతి దగ్గరే. లోపల బెజ్జం సూదిమొనంత సన్నం. రెండు వైపులనుంచి చేత్తో తొలిచిన బెజ్జాలు నడుమ కాస్త పక్కకి తప్పి కలుసుకున్న చోటు తెలుస్తూనే ఉంది. కల్చర్ ముత్యమైతే పైపొరకీ లోపలి గుండుకీ మధ్య గీత కనబడాలి. ఇక్కడ గీత లేదు. ఉల్లిపొరల్లా పొర మీద పొర నడిమిదాకా ఉంది. ఇంకొకటి చూశాడు, మరొకటి చూశాడు. అన్నీ అంతే. లావు ముడి ఇమడడానికి ఎవరో మూతులు పెద్దవి చేశారు.

దారం తెంచకుండా తీర్పు చెప్పొద్దని మేనమామ ఎన్నిసార్లు మొట్టికాయ వేశాడో. శిష్యులకి తానూ అదే మాట చెప్పేవాడు.

ఇంటికి వెళ్లి సంగతి భార్యతో చెప్పాడు. హారం ఇచ్చేటప్పుడు చెప్తే సరిపోదా అని తనే ఒక దారి కూడా వెతుక్కున్నాడు.

"ఆ పిల్ల ఈ రాత్రి అన్నం ఎలా తింటుంది? పోయి చెప్పి రా" అంది ఆవిడ, చొక్కా అందిస్తూ.

పొద్దుగూకే వేళకి ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. అందరూ ముందుగదిలోనే ఉన్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పొరపాటు నాదమ్మా. దారం మీద ఉండగానే చూసి నోరు జారాను. ఆ రెండూ తప్ప మిగతావి పాతవే, అసలువే. నామీద నమ్మకం లేకపోతే ముత్యాలకి ఎక్స్‌రే తీయించండి, లోపల గుండు లేదని తేలుతుంది, నేనే దగ్గరుండి తీయిస్తాను. ఈ బిడ్డని మాత్రం ఏమీ అనకండి."

హారం ఒకసారి పెళ్లిలో తెగిందనీ, రెండు ముత్యాలు దొరక్కపోతే ఏవో కలిపి, ఇక తెగకుండా ముడులు లావుగా వేయమని తానే ఎవరికో ఇచ్చాననీ మెల్లగా చెప్పింది అత్తగారు. పొద్దున ఆ సంగతి తనకి గుర్తు రాలేదట. పెద్దకోడలు లేచి లోపలికి వెళ్లిపోయింది.

"గుచ్చడం కాగానే నువ్వే తెచ్చుకుని బీరువాలో పెట్టుకోమ్మా" అంది అత్తగారు చిన్నకోడలితో.

"వద్దత్తయ్యా. ఇకనుంచి మీ దగ్గరే ఉంచుకోండి."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ముడిమామ తల వంచుకుని మాటలు పడేవాడు. అది లేక ఎటు చూడాలో తెలియక గుమ్మం వైపు తిరిగాడు. ఆ అమ్మాయి ముందే వచ్చి మెట్ల దగ్గర దీపం వేసింది.

"కింది మెట్టు విరిగింది బాబాయ్. గోడ పట్టుకుని దిగండి."

ఆయన గోడ పట్టుకుని దిగాడు. వీధి మలుపు తిరిగేదాకా వెనక దీపం ఆరలేదు. తిరిగి చూసే మొహం మాత్రం ఆయనకి లేకపోయింది.