వడదెబ్బ కాదు, బాయి కాదు

నా కొడుకు గ్రౌండుల పడ్డప్పుడు దోస్తులు వాని చేతిల తాళపుచేతులు పెట్టిండ్రు. ఫిట్స్ అనుకున్నరు. కాళ్లు చేతులు కొట్టుకున్నయంట, కండ్లు పైకి పోయినయంట. మా దిక్కు ఫిట్స్ వస్తే ఇనుము పట్టిస్తరు. ఎవరిదో బండి తాళపుచేతుల గుత్తి వాని పిడికిట్ల పెట్టి గట్టిగ మూసిండ్రు. మొఖం మీద నీళ్లు కొట్టిండ్రు. ఒకడు ఉరికి ఉల్లిగడ్డ తెచ్చిండంట వాసన చూపియ్యనీకె. పోలీసు కొలువు కోసం ఉరుకుడు నేర్చుకునే పోరగాండ్లు వాండ్లంత. నా కొడుకు గూడ దానికోసమే పోయేది. ఆఖరి రౌండు కొడుతాండు, అందరికంటె ముందున్నడు, అట్లనే బొక్కబోర్ల పడ్డడు.

ఛాతి మీద చెయ్యి పెట్టినోడు ఒక్కడు లేడు. వాండ్లను నేనేం అనను. వాండ్లకెవరు చెప్పిండ్రు? దవాఖానల నర్సమ్మ నాకు తర్వాత చూపిచ్చింది, రొమ్ము నడుమ రెండు చేతులు పెట్టి గట్టిగ, గబగబ వత్తాలె, అంబులెన్సు వచ్చేదాక ఆపొద్దని. ఆగిన గుండెకు కరెంటు కొట్టే డబ్బా ఉంటదంట. గ్రౌండుల ఉంటే బతికేటోడేమో అన్నది. ఆ డబ్బా మా దిక్కు ఏ గ్రౌండుల ఉన్నదో నాకైతే ఎర్కలేదు.

నేను చేనుల పత్తి ఏరుతున్న. ఫోన్ వచ్చింది. వర్ధన్నపేట రోడ్డెక్కి ఆటో దొరికిచ్చుకోని దవాఖానకు పోయేసరికి అంత అయిపోయింది. వాని బూట్లు నా చేతిల పెట్టిండ్రు, తాళపుచేతుల గుత్తి గూడ పెట్టిండ్రు. అది మాది కాదని చెప్పిన. ఎవ్వలూ తీసుకోలేదు.

ఇగ మా బావ వచ్చిండు. మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద. వచ్చుడు వచ్చుడే డాక్టరు మీద పడ్డడు.

"కొయ్యొద్దు సారూ. పెండ్లిగాని పోరడు. సక్కగ ఇంటికి తీస్కపోతం."

"ఎట్ల సచ్చిపోయిండో తెల్వాలె గదా," అన్నడు డాక్టరు.

"తెల్సేదేమున్నది? దిష్టి తాకింది. ఊరంత వీని మీదనే కన్ను."

నేను లేచిన. "కొయ్యుండ్రి," అన్న.

"ఏందమ్మా, నీకు మతి పోయిందా? కన్నతల్లివేనా నువ్వు?"

"పొద్దుగాల నాతోని నవ్వుకుంట పోయిండు బావా. జొన్న గటక తాగి పోయిండు. ఆ పోరన్ని ఏం గుంజుకపోయిందో నాకు తెల్వాలె. మీ తమ్ముడు పోయినప్పుడు నన్ను ఎవలూ అడుగలే. ఇప్పుడు నేను చెప్తాన. కొయ్యుండ్రి."

మా ఆయన పోయింది మిర్చి బస్తాలు ట్రాక్టరుకు ఎత్తుతుంటె. ఎండకాలం. బస్తా భుజం మీద ఉండంగనే కూలిండు. అందరు వడదెబ్బ అన్నరు. నేను గూడ వడదెబ్బే అనుకున్న, ఎండల పనిచేసేటోండ్లు గట్ల పోతనే ఉంటరు గదా. తెల్లారి కాల్చిండ్రు. అప్పుడు నా కొడుకు బడిల ఉండె, బిడ్డ నా సంకల ఉండె.

పోస్టుమార్టం డాక్టరు గుండెను పట్నం పంపిచ్చిండు. దాని సంగతి వచ్చేసరికి చానా దినాలు పట్టింది. బావ మాట్లాడుడు బంద్ చేసిండు. ఊరోల్లు నన్ను చూసి గుసగుసలు. కొడుకును కోయిపిచ్చినామె పోతాంది చూడుండ్రి అని. నేను ఇన్న, ఇననట్టు పోయిన.

ఆఖరుకు గుండె డాక్టరు కాడికి పంపిండ్రు. చిన్న వయసాయన. నన్ను కుర్చీల కూసోబెట్టి తన పిడికిలి చూపిచ్చిండు.

"అమ్మా, గుండె అంటె కండ. మీ కొడుకుకు ఆ కండ మందంగ పెరిగింది, రెండు గదుల నడుమ గోడ ఉంటది చూడు, అక్కడ ఎక్కువ. మంచి గుండెల కండ పోగులు వరుసగ ఉంటయి. వీని గుండెల అడ్డదిడ్డంగ చిక్కువడ్డయి. గుండె కొట్టుకునేది కరెంటు తోటి. చిక్కుల వడ్డ కరెంటు దారి తప్పుతది. ఉరికినప్పుడు ఇంక తప్పుతది. అప్పుడు గుండె కొట్టుకోదు, ఉత్తగ వణుకుతది. నెత్తురు మెదడుకు పోదు. మనిషి పడిపోతడు."

"గంత ఉరికేటోనికి గుండె జబ్బేంది సారూ? నెల ముందే డాక్టర్ల క్యాంపుల చూసిండ్రు. ఎత్తు చూసిండ్రు, బరువు చూసిండ్రు, బీపీ చూసిండ్రు, ఛాతికి గొట్టం పెట్టి చూసిండ్రు. ఫిట్ అన్నరు."

"గొట్టంకు అన్నిసార్లు ఇనవడదమ్మా. ఈసీజీ తీస్తె అనుమానం వచ్చేది. ఎకో తీస్తె కనవడేది. ఇంకోటి, అడగాల్సింది అడిగితె గూడ తెలిసేది."

వయసు పోరగాండ్లు ఆటల పడిపోతే ఇదొక్కటే కారణం కాదంట. కొందరికి గుండెకు పోయే నరం పుట్టుకతోనే తప్పు జాగల మొలుస్తదంట. కొందరికి గుండె చూడనీకె మంచిగనే ఉండి కరెంటుల లోపం ఉంటదంట, కోసినా దొరకదంట. కొందరికి జరం గుండెకు ఎక్కుతదంట. అన్నీ ఈసీజీల దొరకవు అన్నడు. కాని నా కొడుకుది దొరికేదే ఉండె.

అప్పుడు ఆయన అడిగిండు, "ఇంట్ల ఇంక ఎవరున్నరు?"

"ఒక బిడ్డ."

"ఏం చేస్తది?"

"ఉరుకుతది సారూ. అన్ననే నేర్పిండు. స్కూలు తరఫున స్టేటుకు పోయింది."

ఆయన పెన్ను కింద పెట్టిండు. "ఇది రక్తంల వస్తదమ్మా. తల్లికో తండ్రికో ఉంటె ఒక్కొక్క పిల్లకు బొమ్మా బొరుసా లెక్క, సగానికి సగం. రేపే తీస్కరా. అప్పటిదాక ఉరకనియ్యకు. మీ అత్తగారు ఉంటె ఆమెను గూడ తీస్కరా, అడిగేది ఉన్నది."

తెల్లారి ముగ్గురం పోయినం. డాక్టరు మా అత్తను అడుగుతాండు, ఇంట్ల వయసుల ఉండంగ అచానక పోయినోల్లు ఎవరన్న ఉన్నరా అని.

"ఎవ్వల్లేరు," అన్నది అత్త. "నా పెద్దకొడుకు ఉన్నడు, బండలెక్క. నడిపోడు వడదెబ్బకు పోయిండు. చిన్నోన్ని బాయిల మైసమ్మ తల్లి గుంజుకున్నది."

"బాయిలనా? ఈత రాదా?"

"ఈత రాదా అంటవేంది నాయినా! చేపలెక్క ఈదెటోడు. ఒడ్డు మీదికెల్లి దుంకిండు, అద్దరికి పోతాండు, నడుమల ఆగిండు. ఇగ తేలలే. మీసాలు గూడ సక్కగ రాలే వానికి."

డాక్టరు ముగ్గుర్ని ఒకరి కింద ఒకర్ని రాసిండు. అత్త ఆయన మొఖం చూసింది, నా మొఖం చూసింది. మెల్లగ అన్నది, "అంటే మైసమ్మ గాదా?"

ఇంట్ల మూడు సావులు. ఒకటి ఎండది, ఒకటి బాయిది, ఒకటి దిష్టిది. మూడింటికి మూడు పేర్లు పెట్టుకున్నం, అందుకే ఒకటి పక్కన ఇంకోటి పెట్టి ఎన్నడు చూడలే.

అప్పుడు నా బిడ్డ నోరు తెరిచింది. "అన్న ఒకసారి ఉరుకుకుంటనే పడ్డడు సార్. నాతోని ప్రాక్టీసుకు వచ్చినప్పుడు. జరసేపట్ల లేచిండు. పొద్దుగాల తినలే అందుకే అన్నడు. అమ్మకు చెప్పకు, పంపదు అన్నడు."

"ఉరుకుడు ఆపినంకనా, ఉరుకుతుంటెనా?"

"ఉరుకుతుంటెనే."

ఆపినంక కండ్లు తిరిగి పడుడు వేరంట. ఉరుకుతుంటె పడుడు వేరంట, అది గుండె చెప్పే మాటంట. నా బిడ్డ ఏడుస్తాంది. "నేను చెప్తే బతికేటోడా సార్?" డాక్టరు చెయ్యి ఊపి, "నువ్వు చిన్నపిల్లవు, నీకు ఎట్ల తెలుస్తది" అన్నడు. మరి పెద్దోల్లం మాకు ఎట్ల తెల్వలే అని నేను అడుగలే.

బిడ్డకు ఈసీజీ తీసిండ్రు, ఎకో తీసిండ్రు. ఎకో గదిల చీకటి. చల్లటి జెల్లు పూసి పక్కటెముకల కాడ మిషను తిప్పుకుంట డాక్టరు టీవీల చూస్తాండు. ఈసీజీ గీతలు కొన్ని తలకిందులున్నయి అన్నడు. గోడ గూడ జర మందమే. కాని ఆటలు బాగ ఆడే పిల్లలకు గుండె కొంత పెరుగుతదంట, అది జబ్బు కాదంట. ఏదో తేలాలంటె ఉరుకుడు మొత్తం బంద్ పెట్టి మూడు నెలలకు మళ్ల చూడాలె. ఆట తోని పెరిగింది ఆట ఆపితె తగ్గుతది. జబ్బయితె తగ్గదు.

ఆ మూడు నెలలు నా బిడ్డ నాతోని మాట్లాడింది తక్కువ. పొద్దుగాల లేసుడు మాత్రం ఆపలే. లేసి వాకిట్ల కూసునేది. ఒకనాడు అన్నది, "అన్నను కోయిపిచ్చినవు, నన్ను కట్టేసినవు." నేను చాట చేతుల పట్టుకోని నిలవడ్డ. కొట్టబుద్ధయింది, దగ్గరికి తీసుకోబుద్ధయింది. ఏదీ చెయ్యలే.

మూడు నెలలకు పోయినం. తగ్గలే.

గోలీలు రాసిండు, గుండెను నిమ్మళంగ కొట్టుకొనిచ్చేవి. నడువొచ్చు, పందెం ఉరకొద్దు. ఏడాదికోసారి చూపిచ్చుకోవాలె. అవసరమైతె తోలు కింద చిన్న మిషను పెడుతరంట, గుండె వణికితె అదే కరెంటు కొడుతదంట. నా బిడ్డ అన్నీ ఇన్నది. "సరే సార్" అన్నది. బయటికి వచ్చి మెట్ల మీద కూసోని, మెడల్సు ఉన్న సంచి నాకియ్యమ్మా, ఎవరికన్న ఇస్త అన్నది. ఇయ్యలే నేను.

డాక్టరు ఇంకోటి చెప్పిండు. మా బావ గూడ చూపిచ్చుకోవాలె. బావ కొడుకు గూడ కొలువు కోసమే ఉరుకుతాండు, అదే గ్రౌండుల. తండ్రికి లేదని తేలితె కొడుకుకు ఫికర్ తక్కువ.

బావ ఇంటికి పోయి చెప్పిన. ఆయన నవ్విండు.

"నాకేమైంది? రెండు బస్తాలు ఒక్కసారి ఎత్తుత. నీ ఇంట్ల ఉన్నది నీ ఇంట్లనే ఉంచుకో. పిల్లకు జబ్బని ఊరంత చెప్పుకుంటె రేపు ఎవడు చేసుకుంటడు?"

"బతికుంటె గదా బావా పెండ్లి."

అప్పుడు అత్త మంచంల నుంచి లేచింది. పెద్దకొడుకు తోని ఎన్నడు గొంతు లేపని మనిషి. "ఇద్దరు కొడుకులు పోంగ ఈ కండ్లతోని చూసిన. మనుమన్ని చూసిన. ఇంకొకన్ని చూడ. నువ్వు పోతవా, నేను బాయిల పడాల్నా?"

పోయిండు. నేను గూడ దవాఖాన దాక ఎంట పోయిన, నడుమల తిరిగి వస్తడేమోనని. దారి పొడుగున గులుగుకుంటనే వచ్చిండు. గంతటి మనిషి అంగి ఇప్పి బల్ల మీద పండుకున్నడు, సిగ్గుతోని కండ్లు మూసుకున్నడు. నేను తలుపు కాడ నిలవడ్డ. డాక్టరు మిషను తిప్పుతాండు. ఒక్క జాగల ఆపిండు. మళ్ల తిప్పిండు, మళ్ల ఆడికే వచ్చిండు.

"మీకు గూడ ఉన్నది," అన్నడు.

"నాకు ఎన్నడు ఏం కాలే సారూ."

"కొందరికి ముసలితనం దాక ఏం కాదు. అదే కండ ఇంకొకని పానం ఇరువై ఏండ్లకే తీస్తది. మీ కొడుకెక్కడ ఇప్పుడు?"

బావ అంగి గుండీలు గూడ పెట్టుకోలే. ఉత్త రొమ్ముతోనే ఫోన్ చేసిండు. చాలాసేపు మోగింది. ఎత్తిండు పోరడు.

"ఏడున్నవు రా?"

"గ్రౌండుల బాపూ. ఏంది?"

ఫోన్ల వాని ఆయాసం నాకు గూడ ఇనవడుతాంది.

"కూసో బిడ్డా," అన్నడు బావ. "ఉన్నకాడనే కూసో. నేను వస్తాన."