పొద్దున షీటులో చివరి వరుస

పని బాగా చేసినందుకు నా ఉద్యోగం పోయింది. ఈ మాట అంటే అందరూ ఏదో దాస్తున్నాననుకుంటారు. దాచేదేమీ లేదు, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

జనగామలో హైదరాబాద్ రోడ్డు మీద ఒక ట్రాక్టర్ షోరూం. దానికి మహబూబాబాద్‌లో ఒక బ్రాంచి, భూపాలపల్లిలో ఇంకొకటి. నేను జనగామలో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. షోరూంకు వచ్చిన ప్రతి రైతు పేరు, అడిగిన బండి, డెమో అయిందా, లోను ఫైలు బ్యాంకుకు వెళ్లిందా, ఇవన్నీ సేల్స్ వాళ్లు తమ ఫోన్లలోంచే సీఆర్ఎం అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తారు. మా ఓనర్‌కు ఆ సాఫ్ట్‌వేర్ తెరవడమంటే ఒళ్లుమంట. ఆయనకు పొద్దున్నే ఒక్క షీటు కావాలి. ఎవరి చేతిలో ఎన్ని కేసులున్నాయి, ఏ కేసు ఏ దశలో ఎన్ని రోజుల నుంచి ఆగి ఉంది, అంతే.

మొదట్లో రోజూ ఆ వివరాలు దించి, అతికించి, వరుస పెట్టేదాన్ని. చేతులు పడిపోయేవి. వీడియోలు చూసి, రాత్రీ పగలూ తిప్పలు పడి, చివరికి షీటుకే ఒక స్క్రిప్టు రాశాను. పొద్దున ఆరు ఏడు మధ్య అది తనంతట తానే సీఆర్ఎంకు వెళ్లి, పేజీ తర్వాత పేజీ రికార్డులన్నీ తెచ్చి, షీటులో వెనకున్న ఒక ట్యాబులో పాతవి చెరిపి కొత్తవి పెట్టేది. ముందున్న రిపోర్టు ఆ ట్యాబులోంచి ఫార్ములాలతో నిండేది. రోజూ ఆ వేళకు స్క్రిప్టును లేపే ఏర్పాటును ట్రిగ్గర్ అంటారు. దాన్ని నా ఆఫీసు లాగిన్‌తో పెట్టాను.

రిపోర్టు అందంగా వచ్చిందని ఓనర్ మురిసిపోయి, దానికొక ఆచారం కనిపెట్టాడు. తొమ్మిదింటికి మూడు ఊళ్ల వాళ్లూ వీడియో కాల్‌లోకి రావాలి. ఎవరి కేసు అందరికంటే ఎక్కువ రోజులు కదలకుండా ఉందో వాళ్లు చివరి వరుస. ఆ చివరి వరుస మనిషి తన వరుసను తానే పైకి చదవాలి. రైతు పేరు, ఊరు, ఆగిపోయిన దశ, రోజులు. గొంతు తగ్గితే ఓనర్ "గట్టిగ చదువు" అనేవాడు. చదవడం అయ్యాక మిగతావాళ్లు నవ్వినా ఏమీ అనేవాడు కాదు. నవ్వని వాళ్లను మాత్రం గుర్తుపెట్టుకునేవాడు.

అలా కొన్ని నెలలు నడిచాక మేనేజర్‌కు ఒక ఆలోచన వచ్చింది. రిపోర్టు దానంతట అదే వస్తుంటే ఈమెకు జీతమెందుకని. ఓనర్ కూడా సరేనన్నాడు. నా చేత రాజీనామా మీద సంతకం పెట్టించుకున్న రోజే మేనేజర్ నా ఆఫీసు లాగిన్ తీసేయించాడు. తీసేయించే ముందు నా ఫైళ్లన్నీ తన పేరు మీదికి మార్చుకున్నాడు, అంతవరకు తెలివైనవాడే. ఫైలు మారినా ట్రిగ్గర్ మారదన్న సంగతి ఆయనకు తెలియదు. పెట్టిన మనిషి లాగిన్ పోతే ట్రిగ్గర్ కూడా పోయినట్టే. ఆగిపోయిందని ఎవరికీ కబురు రాదు. వచ్చినా నా మెయిల్‌కు రావాలి, ఆ మెయిల్ పెట్టెనే లేపేశారు కదా.

ఒకవేళ షీటు మొత్తం ఖాళీ అయి ఉంటే అందరికీ తెలిసేది. అలా కాలేదు. చివరిరోజు తెచ్చిన రికార్డులు అలాగే ఉన్నాయి. రిపోర్టు నెత్తిన తేదీ మాత్రం ఈరోజు తేదీ చూపించే ఫార్ములా. రోజుల లెక్క కూడా ఈరోజు తేదీలోంచి దశ మారిన తేదీ తీసేసే ఫార్ములా. అంటే కింద సరుకు మొత్తం పాతబడిపోయినా, పైన తేదీ రోజూ మారుతుంది, ప్రతి కేసు వయసూ రోజుకొకటి పెరుగుతుంది. చూసేవాళ్లకు షీటు నిక్షేపంగా పనిచేస్తున్నట్టే ఉంటుంది. అందరి కేసులూ ఒకే లెక్కన ముదురుతాయి కాబట్టి వరుస ఎన్నటికీ మారదు. పైనున్నవాడు పైనే, చివర ఉన్నవాడు చివరే.

ఆ చివర ఉండిపోయినవాడు భూపాలపల్లి చాచా.

చాచా యాభై దాటిన మనిషి. ఒకప్పుడు బొగ్గు లారీలు తోలి, నడుము పోయాక ట్రాక్టర్లు అమ్మే పనిలోకి వచ్చాడు. అక్కడ ఒక షట్టరు, ఒక మెకానిక్, చాచా. ఇన్‌ఛార్జ్ ఎవరూ లేరు. ఫోన్‌లో రికార్డు ఎక్కించడం నేనే నేర్పాను, తప్పు నొక్కినప్పుడల్లా నన్ను తిట్టకుండా ఫోన్‌ను తిట్టేవాడు. నా పని పోయాక షోరూం నుంచి నాకు ఫోన్ చేసింది ఆయనొక్కడే. అది కూడా పలకరించడానికి కాదు.

"బేటీ, నేను ఏం తప్పు నొక్కుతున్నో జర చెప్పు. రెండు లోన్లు సాంక్షన్ అయినయి. నా ఫోన్ల గట్లనే కనవడుతుంది. షీట్ల మాత్రం ఇంక డెమో అనే ఉంది. రోజూ నేనే చదువుతున్న."

"ఎన్ని రోజుల సంది చాచా?"

"నువ్వు పోయిన కాడి నుంచి."

ఆ మాటతో నాకు విషయమంతా అర్థమైంది. ఆయన తప్పేమీ లేదని చెప్పాను. వెనక ట్యాబు చూడమన్నాను. అందులో ఏ రికార్డులోనూ నేను మానేసిన రోజు తర్వాతి తేదీ లేదు. సరిచేద్దామంటే ఆయనకు షీటు చూసే హక్కే ఉంది, మార్చే హక్కు లేదు. ఓనర్‌కు తన ఫోన్‌లో సీఆర్ఎం చూపిస్తానంటే, "మనుషులు ఏమన్న చూపిస్తరు, షీట్ల ఉంటేనే లెక్క" అన్నాడట. ఇంకో రెండు రోజుల్లో ఆ కేసులు కదలకపోతే రావద్దని కూడా చెప్పేశాడట. ఇద్దరు ఆడపిల్లల చదువులు నడుస్తున్న ఇల్లు అది.

మేనేజర్‌కు ఫోన్ చేస్తే, "నీకు సంబంధం లేని ముచ్చట" అని పెట్టేశాడు. నాకు కోపం ఆగలేదు. మర్నాడు తొమ్మిదింటికి, పత్తి బండ్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ, సరిగ్గా కాల్ నడుస్తుండగా షోరూంలోకి వెళ్లాను. గోడ మీది టీవీలో మహబూబాబాద్ వాళ్లు ఒక డబ్బాలో, చాచా ఒక్కడే ఇంకో డబ్బాలో. చదువుతున్నాడు. సాంక్షన్ అయిన లోను తాలూకు రైతు పేరు చెప్పి, డెమో దశ, ఇరవై రెండు రోజులు అంటున్నాడు.

"సార్, ఈ షీటు ఆగిపోయింది. నా లాగిన్‌తోటి ట్రిగ్గర్ గూడ పోయింది, ఆ రోజు నుంచి కొత్త రికార్డు ఒక్కటి గూడ రాలేదు" అన్నాను.

ఓనర్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "తేదీ ఇయ్యాలదే ఉంది గదమ్మా. రోజులు గూడ పెరుగుతున్నయి."

అది ఫార్ములా అని చెప్పాను. మేనేజర్ నవ్వి, "పని పోయిందని కడుపుమంట సార్" అన్నాడు. సీఆర్ఎంలో ఒక్క రికార్డు తెరిచి షీటుతో పోల్చి చూడమని అడిగాను. మేనేజర్ తెరిచాడు. ఎవరిది? వాళ్ల మనిషిది. జనగామలో ఎప్పుడూ మొదటి వరుసలో ఉండే కుర్ర సేల్స్‌మన్ ఉన్నాడు, మేనేజర్‌కు మేనల్లుడి వరస. అతని కేసుల్లో నేను మానేశాక ముట్టుకోనిది ఒకటి వెతికి మరీ తెరిచాడు. ముట్టుకోని కేసు అక్కడా ఇక్కడా ఒకేలా ఉండక ఏమవుతుంది? చాచా కేసు తెరవమన్నాను.

"ఒకటి చూసినం గద, సరిపోతది" అన్నాడు ఓనర్. తర్వాత టీవీ వైపు తిరిగి అందరినీ అడిగాడు. "మీ మీ లెక్కలు సరిగ్గనే ఉన్నయా?"

ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అక్కడున్న ప్రతి ఒక్కరూ రోజూ సీఆర్ఎంలో ఎక్కిస్తున్నవాళ్లే. తమ కొత్త కేసులు షీటులోకి రావడం లేదని ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ షీటు కదిలితే రేపు చదవాల్సింది ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. అది కదలనంతకాలం చదివేది చాచానే.

"కరెక్టే ఉన్నయి సార్" అన్నాడు మేనల్లుడు. "మావి గూడ కరెక్టే" అంది మహబూబాబాద్ ఇన్‌ఛార్జ్. నాతో ఒకే కంచంలో తిన్న మనిషి. తక్కినవాళ్లు తలలూపారు. చాచా తన డబ్బాలోంచి అందరినీ ఒక్కొక్కరిగా చూశాడు.

"ఇగ నువ్వు రేపటి నుంచి రాకు" అన్నాడు ఓనర్ ఆయనతో. నన్ను బయటికి పంపడానికి వాచ్‌మన్‌ను పిలిచాడు. టీవీలో చాచా డబ్బా చీకటైంది.

షీటు పేర్ల పట్టీలోంచి మేనేజర్ చాచా పేరు కొట్టేశాడు. చివరి వరుస ఖాళీగా ఉండదు కదా. దాని పైనున్నవాళ్లు చివరికి వచ్చారు. మర్నాడు పదింటికి నాకు ఫోన్ వచ్చింది.

"అక్కా, ఆ ట్రిగ్గర్ ఏందో జర చెప్పవా" అంది మహబూబాబాద్ ఇన్‌ఛార్జ్. "ఇయ్యాల నాతోటి చదివించిండు."

ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. బూతులు కూడా నోటిదాకా వచ్చాయి. పెట్టలేదు. షీటు కదిలితే చాచా లోన్లు బయటపడతాయి, ఓనర్ కళ్లారా చూస్తాడు, మళ్లీ పిలుస్తాడు. అంత పిచ్చి ఆశ నాకుంది. రిమార్కులు రాయడానికి ఇన్‌ఛార్జులకు షీటు మార్చే హక్కు ఉంది కాబట్టి, స్క్రిప్టు తెరిచి తన లాగిన్‌తో కొత్త ట్రిగ్గర్ పెట్టుకోమన్నాను. స్క్రిప్టు సీఆర్ఎంలోకి వెళ్లడానికి వాడే తాళంచెవిలాంటి కోడ్ ఓనర్ పేరు మీద తీసుకున్నదే, అది పనిచేస్తూనే ఉంది. కొట్టేసిన పేరు కూడా పట్టీలో తిరిగి చేర్పించాను. టీ చల్లారేలోపు అయిపోయిన పని అది.

తెల్లారి షీటు తాజాగా వచ్చింది. ఆ రెండు లోన్లూ వచ్చాయి, డెలివరీ తేదీలతో సహా. రెండూ మేనల్లుడి పేరు మీద ఉన్నాయి. సీఆర్ఎంలో ఒక మనిషి లాగిన్‌ను మూసేసేటప్పుడు అతని రికార్డులు ఇంకొకరికి అప్పజెప్పమని అడుగుతుంది. మేనేజర్ ఎవరికి అప్పజెప్పాడో వేరే చెప్పాలా. స్క్రిప్టు సీఆర్ఎంలో ఏముంటే అదే తెస్తుంది. చాచా పేరు పక్కన సున్నా. ఓనర్ మేనల్లుడి కోసం చప్పట్లు కొట్టించాడట. కొత్త లెక్కలోనూ చివరి వరుస మహబూబాబాద్ ఇన్‌ఛార్జ్‌దే అయింది. ఆమె ఏడుస్తూ ఫోన్ చేసి ఇదంతా చెప్పింది, పైగా నేనేదో తప్పు నేర్పానని నన్నే తిట్టింది.

సాయంత్రం చాచాకు ఫోన్ చేశాను. దాచాలనిపించింది కానీ ఆయనే అడిగాడు. "నా లోన్లు ఎవరి పేరు మీద వచ్చినయి?"

చెప్పాను. వెనక కుక్కర్ విజిల్, ఎవరో పిల్ల చదువుకుంటున్న గొంతు వినిపించాయి.

"మరి ఇయ్యాల ఎవరు చదివిన్రు?" అన్నాడు.

"మహబూబాబాద్ ఆమెనే."

"గట్టిగ చదివిందా?"

"గొంతు రాలేదంట. ఓనర్ మళ్లొక్కసారి చదివించిండంట."

చాచా నవ్వాడు. అంత మెత్తటి మనిషి నోట అలాంటి నవ్వు నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది, అయినా నేనూ నవ్వాను. నవ్వడం ఆగాక, రేపు కూడా ఎవరు చదివారో కనుక్కొని చెప్పమన్నాడు.