పెళ్లి పంక్తిలో పెద్దమ్మ

ఆ దర్జీ ఆవిడ ఎందరికో పెళ్లిబట్టలు కుట్టింది కానీ, ఆరేళ్లుగా ఏ పెళ్లిలోనూ భోజనానికి కూర్చోలేదు. ఐబీఎస్ అనే పేగుల జబ్బు వల్ల కడుపు ఎప్పుడు మెలిపెట్టి పరుగెత్తిస్తుందోనని భయపడి, ఆశీర్వదించి ఇంటిదారి పట్టేది.

చెల్లెలి కూతురి పెళ్లికి మాత్రం ముందురోజే వంటమేస్త్రికి ఫోన్ చేసింది.

"అన్నా, ఉల్లి, వెల్లుల్లి, పాలు నాకు పడవు."

"అన్నం, క్యారెట్ కూర, వేయించిన చేప విడిగా తీసి పెడతానమ్మా."

పెళ్లిలో బాత్రూం ఎటుందో చూసుకుని, భోజనాల హాలు తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. వంటమేస్త్రి చెప్పినట్టే ఆమె ప్లేటు విడిగా పంపాడు. చెల్లెలి ఆడపడుచు పాలస్వీటు వడ్డించబోయింది.

"ఒక్కటి తింటే ఏమవుతుంది వదినా?"

అందరూ తలతిప్పారు. కడుపులో మెలి మొదలైంది. ఒకప్పుడైతే లేచి పారిపోయేది. ఇప్పుడు పొట్టమీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి నాలుగైదుసార్లు నిదానంగా తీసి వదిలింది.

"నా కడుపుకి పడదమ్మా. నాకు సరిపోయేది నా ప్లేట్లో ఉంది," అంది, గొంతు తగ్గించకుండా.

ఆడపడుచు నొచ్చుకోకుండా ముందుకు సాగింది. మెలి పూర్తిగా పోలేదు కానీ, కాస్త నెమ్మదించింది. దర్జీ ఆవిడ కొంచెం కొంచెంగా నమిలి తింది.

పెళ్లికూతురు పరుగున వచ్చి, "పెద్దమ్మా, నువ్వు వెళ్లిపోయావనుకున్నా!" అంది.

"ఎందుకు వెళ్తానే? నీ పెళ్లిభోజనం కూర్చుని తిన్నాను," అంది పెద్దమ్మ, తల నిటారుగా ఎత్తి.