నూటికి ముప్పావలా

మా అక్కయ్య దుబారా మనిషని మా బంధువుల్లో ఇప్పటికీ అనుకుంటారు. ఆ మాట అబద్ధం. ఆవిడ ఆస్తి కరిగిపోవడానికి కారణం నేను.

యాభైల మొదట్లో ఏలూరులో దస్తావేజులు రాసేవాణ్ణి. అక్కయ్యకి భర్త పోయి, పిల్లలు లేక, తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర అర ఎకరం ఖాళీ స్థలం మిగిలింది. దాని మీద పైసా రాబడి లేదు. ఆవిడ కోరిక ఒక్కటే: ఎవరి ఇంటా చెయ్యి చాపకుండా తన పొయ్యి మీద తను వండుకు తినాలి.

ఏలూరులో ఒక పెంకుటిళ్ల వరస అమ్మకానికి వచ్చింది. అయిదు వాటాలు, వాటాకి పన్నెండు రూపాయల అద్దె. ధర ఎనిమిది వేలు.

"నెలకి అరవై, అక్కయ్యా. నూటికి ముప్పావలా గిడుతుంది. నీ స్థలంలో తుమ్మచెట్లు తప్ప ఏం మొలుస్తున్నాయి?" అన్నాను.

మా వైపు ఏ రాబడినైనా వడ్డీలాగే నూటికి నెలకింతని లెక్క కడతాం. నేను చేసిన తప్పు అదే. అప్పిచ్చిన నోటుకి ఏటా వెల్ల వెయ్యనక్కర్లేదు.

ఆవిడ వేళ్ల మీద లెక్క కట్టింది. "పెంకులు ఎవరు నేయిస్తార్రా?"

"ఏడాదికి నాలుగు పెంకులు. దానికింత ఆలోచనా? నీ పిసినారితనంతో బావ పోయాడు గాని జబ్బుతో కాదు."

నవ్వింది. స్థలం ఎనిమిది వేల నాలుగు వందలకి అమ్మేసింది. ఆ పై నాలుగు వందలూ స్టాంపులకీ, రిజిస్ట్రేషనుకీ, రాత ఖర్చులకీ పోయాయి. ఇళ్లు అమ్మినాయన దగ్గర నేను ఎనభై రూపాయలు కమీషను పుచ్చుకున్నాను. ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు.

మొదటి వేసవిలోనే పెంకులు నేసేవాళ్లు వచ్చారు. కోతులు తొక్కిన కప్పు సగం విప్పాల్సి వచ్చింది. ఆ తరవాత మునిసిపాలిటీ పన్ను, నుయ్యి పూడిక తీత, వెల్ల. కైకలూరు చేపల వ్యాపారం చేసే ఆసామి ఒకాయన జ్యేష్ఠం చివర్న వాటా ఖాళీ చేశాడు.

"ఆషాఢంలో ఎవరు దిగుతారండీ, అమ్మగారూ? శ్రావణం రానివ్వండి," అన్నాడు పక్కవాటా ఆయన. ఆయనే మూడు నెలల అద్దె బాకీ.

"మరి మీరు కట్టడానికి ఏ మాసం మంచిదండీ?" అంది అక్కయ్య.

ఆయన నవ్వాడు గాని కట్టలేదు. అద్దె పెంచుదామంటే కంట్రోలు చట్టం అడ్డం.

ఏడాది చివర ఆవిడ లెక్క రాసి నా ముందు పెట్టింది. రావలసింది ఏడు వందల ఇరవై. ఖాళీ నెలలూ, ఎగ్గొట్టినవీ, పన్నూ, మరమ్మతులూ పోగా చేతికి మిగిలింది మూడు వందల ఎనభై. స్టాంపుల ఖర్చుతో కలిపి పెట్టుబడి మీద చూస్తే నూటికి నెలకి ఆరణాలు.

"ముప్పావలాలో సగం ఎవరు తిన్నార్రా?" అంది. అద్దె అంటే ఇంటికి వచ్చేది. ఇల్లు తిన్న తరవాత మిగిలేదే మనిషికి.

ఖాళీ స్థలం తిండి పెట్టదన్న నా మాట నిజమే. కానీ అందులో నాలుగో వంతు అమ్ముకుని ఉంటే ఏడాదికి ఆ మూడు వందల ఎనభై చొప్పున అయిదేళ్లు పైగా గడిచేది. మిగతాది దానంతటది పెరిగేది. ఆ మార్గం నాకు అప్పుడు తట్టలేదు. తట్టినా చెప్పేవాణ్ణని ప్రమాణం చెయ్యలేను; ఇళ్లు కొంటేనే నాకు కమీషను.

ఆరేళ్లకి గూడెంలో రైసుమిల్లులు స్టేషను దాకా వచ్చాయి. ఆ అర ఎకరం పద్దెనిమిది వేలకి చేతులు మారింది. ఆ దస్తావేజు రాసింది నేనే. అదే ఏడు అక్కయ్య ఇళ్ల దూలాలు చెదపట్టాయి. బాగు చేయించే డబ్బు లేక, అద్దెకున్నవాళ్లతో సహా వరస మొత్తం ఏడు వేలకి అమ్మింది. అందులో చాలా భాగం పాత మరమ్మతుల బాకీలకీ, ఆవిడ మందులకీ పోయింది.

మా పెరటి గదిలోకి వచ్చింది. వచ్చిన రోజే పొయ్యి పెట్టుకుంది.

"ఊరికే ఉండను. అద్దె పుచ్చుకో," అని పన్నెండు రూపాయలు చేతిలో పెట్టింది.

పుచ్చుకున్నాను. పదహారు నెలలు, ప్రతి ఒకటో తారీఖునా.

ఆవిడ పోయాక గది ఖాళీ చేస్తుంటే పొయ్యి పక్కన ఇత్తడి పళ్లెం ఒకటి కనిపించింది. అందులో వాననీళ్లు. పైకి చూస్తే కప్పులో రెండు పెంకులు లేవు. ఆవిడ ఉన్న రెండు వేసవుల్లోనూ నేను ఆ గదికి పెంకులు నేయించలేదు.