‘విడో’ తీసేసి ‘స్పౌస్’ పెట్టాను

సండూరు గనుల మీద బతికే ఒక కంపెనీకి బళ్లారి ఆఫీసులో నేను హెచ్.ఆర్. చూస్తాను. మా ఇంగ్లీషు రూల్సు పుస్తకం నిండా మగవాళ్లే: చైర్మన్, ఫోర్‌మన్, వాచ్‌మన్. తర్వాతెవరో మొక్కుబడిగా వాక్యానికొక ‘హి ఆర్ షి’ ఇరికించారు. చదవబోతే గతుకుల రోడ్డు మీద పోయినట్టుండేది. ఆడా మగా తేడా లేకుండా దాన్ని తిరగరాసే పని నాకు పడింది.

మొదట తెలివి చూపించబోయి, ‘మ్యాన్’ ఉన్నచోటల్లా ‘పర్సన్’ పెట్టమని కంప్యూటర్‌కి ఒక్కసారే చెప్పాను. అది మ్యానేజర్‌ని కూడా వదలకుండా ‘పర్సనేజర్’ చేసి కూర్చుంది. బుద్ధొచ్చి, ఒక్కొక్కటే చేత్తో మార్చాను. ఫోర్‌మన్ సూపర్‌వైజర్ అయ్యాడు, వాచ్‌మన్ సెక్యూరిటీ గార్డు. ‘హి ఆర్ షి’ బదులు ‘ఉద్యోగి’ అన్నాను, లేదంటే వాక్యమే బహువచనంలోకి తిప్పాను. ప్రసూతి సెలవు మాత్రం ముట్టుకోలేదు, అది చట్టం ఆడవాళ్లకిచ్చిన హక్కు.

తర్వాత ఆ రూలు వచ్చింది. ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే ‘అతని విడో’కు ఉద్యోగం ఇవ్వవచ్చు. ‘విడో’ కొట్టేసి ‘స్పౌస్’ అని టైపు చేశాను, అంతలోనే ఒక మనిషి గుర్తొచ్చాడు.

కిందటేడు మా కాటా దగ్గర లారీలు తూచే ఆమె జ్వరంతో పోయింది. తెక్కలకోట నుంచి ఆమె భర్త వచ్చి ఆ పని తనకిమ్మని అడిగాడు. నేను ఇదే పేజీ తీసి, “రూల్లో పెండ్లానికే ఉండాదప్పా, మొగునికి లేదు” అన్నాను. ఇంగ్లీషు రాని ఆ మనిషి పేజీని మర్యాదగా చూసి వెళ్లిపోయాడు.

మ్యానేజర్ ఫైలు చూసి అడిగారు. “మార్పు ఎప్పట్నుంచి పెడదామమ్మా? పాత కేసులకీ అంటే బోర్డుకి పోవాల.”

బోర్డంటే నెలల పని. పైగా నేను తిప్పి పంపిన మనిషి సంగతి నా నోటితో నేనే చెప్పాలి. “పుస్తకం వచ్చిన రోజు నుంచి చాలు సార్,” అన్నాను. మీటింగులో అందరూ మెచ్చుకుంటే సిగ్గులేకుండా నవ్వాను కూడా.

నెల తిరగకముందే ఆ తెక్కలకోట మనిషి తన భార్య సర్వీసు సర్టిఫికెట్ కోసం వచ్చాడు.

“గేటు కాడ సెక్యూరిటీ అప్ప చెప్పినాడు మేడం. ఇప్పుడు మొగునికీ పని ఇస్తారంట కదా?”

“ఈ నెల నుంచేనప్పా. అంతకుముందు పోయినోళ్లకు కుదరదు.”

కేకలేసి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆయన మాత్రం సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అట్లయితే మా ఆడమనిషే తొందరపడింది మేడం,” అన్నాడు.

తొందరపడింది ఆమె కాదు, బోర్డు దాకా పోకుండా తేల్చేసిన నేను.